బాణం ఎటు తిరగాలి: ఒక పేజీలో అంబేడ్కర్ వ్యాసం

1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ నడిపే సెమినార్లో పాతికేళ్ల విద్యార్థి ఒక పత్రం చదివారు. ఆయన భీమ్‌రావ్ అంబేడ్కర్. పత్రం పేరు ‘భారతదేశంలో కులాలు: వాటి యంత్రాంగం, పుట్టుక, వికాసం’. మరుసటి ఏడాది అది ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979లో తెచ్చిన ఆయన రచనల తొలి సంపుటిలో దాదాపు ఇరవై పేజీలు ఉంటుంది. సోషియాలజీ చదివేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఎదురయ్యే రచన ఇది.

ఈ ఇరవై పేజీల్ని ఒక్క కాగితం మీదికి, కొన్ని బొమ్మలు, కొన్ని బాణం గుర్తులు, కొన్ని ముఖ్యమైన మాటలుగా దించాలంటే ఏం చేయాలన్నదే ఈ అధ్యాయం. ఇలాంటి పేజీని స్కెచ్‌నోట్ అంటున్నారు. 2012లో వచ్చిన మైక్ రోడీ పుస్తకంతో ఈ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆయన అమెరికన్ డిజైనర్. ఉపన్యాసాలు వింటూ చిన్న నోటుబుక్కులో గీసుకునే అలవాటు నుంచి ఈ పద్ధతి తయారుచేశారు. ఉపన్యాసానికి అది చక్కగా సరిపోతుంది. కానీ సోషియాలజీ వ్యాసంలో వరుసగా విషయాలు ఉండవు, ఒక వాదం ఉంటుంది. అక్కడ చిక్కు వచ్చేది బొమ్మల దగ్గర కాదు, బాణాల దగ్గర.

బొమ్మ గీస్తే జ్ఞాపకం ఉంటుందన్న మాట నిజమే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వామ్స్, మీడ్, ఫెర్నాండెస్ చేసిన ప్రయోగాలు 2016లో అచ్చయ్యాయి. ఒక్కో పదానికి 40 సెకన్లు ఇచ్చి, కొన్ని పదాలకు బొమ్మ గీయమన్నారు, కొన్నింటిని మళ్లీ మళ్లీ రాయమన్నారు. తర్వాత అడిగితే గీసిన పదాలే బాగా ఎక్కువగా గుర్తుకొచ్చాయి. వ్యవధిని 4 సెకన్లకు తగ్గించినా ఆ లాభం పోలేదు. అయితే అవి విడివిడి పదాలు. ‘విధవ’, ‘గోడ’, ‘తలుపు’ అన్న మూడూ గుర్తున్నంత మాత్రాన వాటి మధ్య అంబేడ్కర్ ఏ సంబంధం చెప్పారో గుర్తున్నట్టు కాదు. ఆ సంబంధాన్ని మోసేది బాణమే.

బాణం ఎంత పని చేస్తుందో జూలీ హైజర్, బార్బరా ట్వర్‌స్కీ 2006లో చూపించారు. సైకిల్ పంపు, కారు బ్రేకు, కప్పీ లాంటి యంత్రాల బొమ్మల్ని కొందరికి బాణాలతో, కొందరికి బాణాలు లేకుండా ఇచ్చి వివరించమన్నారు. బాణాలు లేని బొమ్మ చూసినవాళ్లు ఏ భాగం ఎక్కడ ఉందో రాశారు. బాణాలున్న బొమ్మ చూసినవాళ్లు ఏది కదిలితే ఏమవుతుందో రాశారు. బొమ్మ అదే, బాణం చేరగానే అది అమరిక కాకుండా పనితీరు అయింది. అంబేడ్కర్ తన పత్రం పేరులోనే యంత్రాంగం అన్న మాట పెట్టారు కదా. ఆయన అడిగింది కులం ఎలా ఉంటుందని కాదు, ఎలా పనిచేస్తుందని. కాబట్టి ఈ పేజీకి ప్రాణం బాణాలే. ఒక్క బాణం అటుదిటు తిరిగినా ఆయన చెప్పిన మాటకు సరిగ్గా వ్యతిరేకమైన మాట కాగితం మీద కూర్చుంటుంది.

మొదటి చదువులో ఏమీ గీయకూడదు. పెన్సిల్‌తో ప్రతి పేరా పక్కన ఆ పేరా ఏం చేస్తోందో ఒక్క మాట రాస్తే చాలు: నిర్వచనం, ఖండన, ప్రశ్న, జవాబు, సాక్ష్యం. ఇలా రాసుకుంటూ పోతే వ్యాసం నడక బయటపడుతుంది. ముందు కులానికి నలుగురు పండితులు ఇచ్చిన నిర్వచనాలను పరీక్షిస్తారు: సెనార్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేట్కర్. వాటిని జల్లించి, కులానికి మాత్రమే ప్రత్యేకమైన లక్షణం ఒక్కటే అని తేలుస్తారు: అంతర్వివాహం, అంటే సొంత గుంపులోనే పెళ్లి. అక్కడ అసలు ప్రశ్న మొదలవుతుంది. గోత్రం బయటే పెళ్లి చేసుకునే అలవాటు పాతుకుపోయిన సమాజంలో, ఈ ‘లోపలే’ అన్న కట్టు ఎలా నిలబడింది? దానికి జవాబు వ్యాసం నడుమ ఉంది. ఆ తర్వాత, ఒక గుంపు అలా మూసుకుంటే మిగతావి ఎలా మూసుకున్నాయన్నది చివరి భాగం.

అంటే పేజీకి మూడు గదులు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని, నడిమి గదికి సగం చోటు ఇవ్వండి. ఎడమ గది చిన్నది, కుడి గది కాస్త పెద్దది. అన్నింటికీ సమానంగా పంచితే నలుగురు పండితుల నిర్వచనాలే పేజీని మింగేస్తాయి. మొత్తం మాటలు వందకు మించకుండా చూసుకోండి. తెలుగులో రాస్తుంటే ఇంకో సంగతి ఉంది. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అక్షరం కనీసం అయిదు మిల్లీమీటర్లు ఉండి, పంక్తుల మధ్య మరో అంత ఖాళీ ఉంటేనే వారం తర్వాత కూడా చదవగలుగుతాం.

బాణాలు మూడు రకాలు చాలు, వాటి పట్టిక మూలన పెట్టుకోవాలి. నిండు గీత బాణం అంటే ‘దీనివల్ల అది’. చుక్కల గీత బాణం అంటే ‘దీన్ని చూసి అది’, అనుకరణ. కొసలో బాణం బదులు అడ్డగీత ఉంటే ‘ఇది దాన్ని ఆపుతుంది’. ప్రతి బాణం మీదా ఒక క్రియ, దాని మొదట్లో మూలంలోని పేజీ నంబరు రాయాలి. క్రియ దొరకని బాణాన్ని చెరిపేయాలి. ఈ నియమం విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. ఎందుకంటే రెండు బొమ్మల మధ్య ఏదో సంబంధం ఉందని అనిపించి, అదేమిటో తేల్చకుండా గీసే బాణాలే స్కెచ్‌నోట్లలో అన్నిటికంటే ఎక్కువ.

ఇక ఎడమ గది. ఒక పెద్ద వలయం, అందులో మూడు నాలుగు చిన్న వలయాలు. చిన్నవి గోత్రాలు. చిన్న వలయంలోంచి పక్క వలయంలోకి పెళ్లి వెళ్తుంది, పెద్ద వలయం దాటదు. పెద్ద వలయాన్ని ఇటుకల గోడగా గీస్తే మరింత స్పష్టం. కింద రాయాల్సిన మాట కోసం వెతుక్కోనక్కర్లేదు, మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు ముందు అడిగేదే: గోత్రం వేరు కావాలి, కులం ఒకటే కావాలి. అంబేడ్కర్ వాదానికి పునాది ఈ రెండు నియమాల మధ్య ఉంది. బయటికి వెళ్లమనే నియమం మీద లోపలే ఉండమనే నియమాన్ని తెచ్చి పెట్టడమే కులం పుట్టుక అంటారాయన.

అదే గదిలో కింద, చిన్న అక్షరాలతో నెస్‌ఫీల్డ్ పేరు పెట్టండి. మిగతా ముగ్గురినీ పేర్లతో సరిపెట్టవచ్చు, నెస్‌ఫీల్డ్‌కు మాత్రం ఒక బాణం కావాలి. ఇతర కులాలతో కలిసి తినకపోవడం కులానికి ముఖ్య లక్షణమన్నది ఆయన మాట. అంబేడ్కర్ జవాబు: గుంపు మూసుకుపోయాక సహపంక్తి భోజనంతో సహా రాకపోకలన్నీ దానంతటదే లోపలికి పరిమితమవుతాయి, అది ఫలితం, దాన్ని కారణం అనుకున్నారు. కాబట్టి బాణం గోడ నుంచి కంచం వైపు వెళ్తుంది. కంచం నుంచి గోడకు వెళ్లే బాణాన్ని లేతగా గీసి కొట్టేయాలి. వ్యాసంలో మనకు తగిలే మొదటి తిరగబడ్డ బాణం ఇదే. ఇంకా మూడు వస్తాయి.

నడిమి గది అసలు యంత్రం. గోడ లోపల పెళ్లీడు ఆడవాళ్లు, మగవాళ్లు దాదాపు సమానంగా ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు గోడ దాటక తప్పదు. ఒక తల, కింద ఒక భుజాల వంపు గీస్తే మనిషి అయిపోతాడు, అంతకు మించి అక్కర్లేదు. జంటలు జంటలుగా గీయండి. ఒక జంటలో భర్త పోయాడు. భార్య మిగిలింది. ఆమె లోపలే మళ్లీ పెళ్లి చేసుకుంటే పెళ్లికి ఎదురుచూస్తున్న మరో అమ్మాయికి వరుడు తగ్గుతాడు. బయట చేసుకుంటే గోడ కూలుతుంది. అంబేడ్కర్ ఆమెను ‘మిగులు స్త్రీ’గా లెక్కిస్తారు. ఆ మిగులును తీసేయడానికి సమాజం కనిపెట్టిన దారులు రెండు: భర్త చితి మీద కాల్చేయడం, లేదా బతికినంత కాలం వైధవ్యం విధించడం. మొదటిది ప్రతిచోటా సాగే పని కాదు కాబట్టి రెండోది ఎక్కువ చోట్ల నిలిచింది.

మరో జంటలో భార్య పోయింది. భర్త మిగిలాడు. అతన్ని కాల్చేయరు, పెత్తనం మగవాడిది కనుక. బ్రహ్మచర్యం పాటించమని చెప్పవచ్చు గానీ, అది నిలవడం కష్టం, పైగా గుంపు సంఖ్య తగ్గడం గుంపుకే నష్టం. మిగిలిన దారి, ఇంకా పెళ్లీడు రాని పిల్లల్లోంచి ఒకరిని అతనికి ఇవ్వడం. అదే బాల్యవివాహం.

ఇక్కడ బాణాల్ని చూడండి. గోడ నిలవాలన్న అవసరం నుంచి మిగులు సమస్యకు ఒక నిండు బాణం: ‘పుట్టిస్తుంది’. మిగులు సమస్య నుంచి మూడు ఆచారాలకు మరోటి: ‘పరిష్కారంగా తెస్తుంది’. మూడు ఆచారాల నుంచి తిరిగి గోడకు ఇంకోటి: ‘నిలబెడుతుంది’. చక్రం పూర్తయింది.

విద్యార్థుల పేజీల్లో దాదాపు ఎప్పుడూ కనిపించేది ఇంకోటి. ‘కులం’ అని రాసి, దాన్నుంచి ‘సతి’, ‘వైధవ్యం’, ‘బాల్యవివాహం’ అని మూడు బాణాలు కిందికి వేలాడుతుంటాయి, కులం వల్ల వచ్చిన దురాచారాలు అన్నట్టు. అది మనకు అలవాటైన సంఘసంస్కరణ పాఠం. అంబేడ్కర్ చెప్పింది వేరు. ఈ మూడూ కులానికి అంటుకున్న మచ్చలు కావు, కులాన్ని కులంగా ఉంచే పనిముట్లు. స్త్రీ మీద అదుపు లేకపోతే ఆ గోడ ఒక తరం కూడా నిలవదు. శర్మిలా రేగే లాంటి స్త్రీవాద పండితులు ఈ పత్రాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నది ఈ బాణం కోసమే. మూడు బాణాలు కిందికి వేలాడే పేజీ చూసి పరీక్ష రాసినవాళ్లకు పత్రంలోని కొత్త మాట అసలు అందదు.

దాని పక్కనే మరో తిరగబడ్డ బాణం. ఈ ఆచారాలను గొప్పగా కీర్తించే సిద్ధాంతాలున్నాయి కాబట్టి వాటిని పాటించారని మామూలుగా అనుకుంటాం. పాటించారు కాబట్టి కీర్తించారు అంటారు అంబేడ్కర్. కఠినమైన ఆచారానికి తీపి పూత కావాల్సి వచ్చింది, సిద్ధాంతం తర్వాత వచ్చి ఆ పని చేసింది. అందుకే ‘ఆచారం’ నుంచి ‘కీర్తన’కు బాణం.

ఈ గదిలో ఏ బొమ్మ వేయాలన్న ప్రశ్న తేలిగ్గా తీసుకునేది కాదు. సతి దగ్గర చాలామంది ఒక మంట గీస్తారు. స్కెచ్‌నోట్ పుస్తకాల్లో మంట బొమ్మ ఉత్సాహానికీ, కొత్త ఆలోచనకూ గుర్తు. ముద్దుగా, గుండ్రంగా, నారింజ రంగులో ఉంటుంది. అలాంటి బొమ్మ ఒక మనిషిని సజీవంగా కాల్చడానికి గుర్తుగా ఉండకూడదు. ఇక్కడ నేను బొమ్మ వేయను. నల్ల సిరాతో ‘సతి’, ‘వైధవ్యం’, ‘బాల్యవివాహం’ అని మూడు మాటలు, అలంకారం లేకుండా, చుట్టూ ఖాళీ వదిలి రాస్తాను. అలాగే కులాన్ని చూపడానికి జంధ్యం, చీపురు, కుండ గీయడం కూడా వద్దు. ఈ పత్రం వృత్తుల గురించి కాదు. పైగా మనుషుల్ని వాళ్ల మీద రుద్దిన పనిముట్లతో గుర్తుపట్టే అలవాటును మన చేత్తో మనమే కొనసాగించినట్టవుతుంది.

ఇంకో బొమ్మ అడగకుండానే వచ్చి కూర్చుంటుంది: పిరమిడ్. పైన బ్రాహ్మణులు, కింద శూద్రులు, పాఠ్యపుస్తకాల్లో చూసి చూసి చెయ్యి దానంతటది గీసేస్తుంది. అంతస్తుల అసమానత మీద అంబేడ్కర్ తర్వాతి కాలంలో చాలా రాశారు. కానీ 1916 పత్రంలో కులానికి ఆయన ఇచ్చిన నిర్వచనం మూసుకున్న గుంపు అని. కాబట్టి గోడ ఉండాలి, పిరమిడ్ ఉండకూడదు. నిచ్చెన గీసినా అదే చిక్కు, ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో చెప్పిన సంస్కృతీకరణం ఇందులోకి చొరబడుతుంది. ఒక బొమ్మ వేశాక, ఇది ఏ పేజీలోంచి వచ్చిందని మిమ్మల్ని మీరే అడగండి. పక్కన పేజీ నంబరు వేయలేకపోతే అది ఇంకో పుస్తకంలోంచి వచ్చిన బొమ్మ.

కుడి గదిలో వ్యాప్తి. ఇక్కడ మొదట కొట్టేయాల్సిన బాణం ఒకటుంది: మను నుంచి కులానికి వెళ్లేది. ఒక్క మనిషి శాసనం రాసి ఇంత పెద్ద జనం మీద కులాన్ని రుద్దలేడని, అప్పటికే ఉన్నదాన్ని మను క్రోడీకరించాడని అంబేడ్కర్ వాదన. బాణం కులం నుంచి మను గ్రంథానికి వెళ్లాలి. తిరగబడ్డవాటిలో ఇది నాలుగోది.

మరి ఎలా వ్యాపించింది? మొదట తలుపు వేసుకున్నది పురోహిత వర్గం అంటారు. దాన్ని చూసి మిగతావాళ్లు వేసుకున్నారు. ఫ్రెంచి ఆలోచనాపరుడు గాబ్రియెల్ టార్డ్ చెప్పిన అనుకరణ సూత్రాలను ఇక్కడ వాడుకుంటారు: గౌరవం ఉన్నవాళ్లను మిగతావాళ్లు అనుకరిస్తారు, దూరం పెరిగేకొద్దీ అనుకరణ పలచబడుతుంది. సాక్ష్యం కూడా చూపిస్తారు. బ్రాహ్మణులకు బాగా దగ్గరగా ఉన్న కులాల్లో మూడు ఆచారాలూ ఉన్నాయి. కాస్త దూరంలో ఉన్నవాటిలో వైధవ్యం, బాల్యవివాహం. ఇంకాస్త దూరంలో బాల్యవివాహం ఒక్కటే. అందరికంటే దూరంగా ఉన్నవాళ్లు తీసుకున్నది కులమనే నమ్మకం మాత్రమే.

కాగితం మీదికి దించడానికి ఇంతకంటే అనువైన పేరా వ్యాసంలో లేదు. ఎడమ కొసన ఒక గోడ, దాన్నుంచి కుడివైపు నాలుగు గోడలు దూరం దూరంగా. చుక్కల బాణం దూరం పోయేకొద్దీ పలచబడాలి. గోడల కింద అంకెలు: 3, 2, 1, 0. చివరి సున్నా కింద ‘నమ్మకం మాత్రమే’. గోడల్ని పైనుంచి కిందికి కాకుండా పక్కపక్కన వేయమంటున్నాను, ఎందుకంటే ఈ పేరా కొలుస్తున్నది దూరం. అలా వేస్తే గౌరవంలోని ఎచ్చుతగ్గు కనిపించదన్నది నిజమే. దాన్ని బాణం మీది క్రియలో పెట్టుకోవాలి: ‘గౌరవం చూసి అనుకరిస్తుంది’. ఒక్క గీత రెండు కొలతల్ని ఒకేసారి చూపలేదు, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

అందరూ ఇష్టపడి మూసుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలుపులు వేసుకుంటే, వేసుకోని గుంపుకు పెళ్లికి వేరే చోటు ఉండదు, అదీ మూసుకుపోతుంది. కులం కట్టుబాటు మీరి వెలివేతకు గురైనవాళ్లదీ అదే దారి. ఏ గుంపూ రానివ్వదు కాబట్టి వాళ్లే మరో గుంపు అవుతారు. దీనికి చుక్కల బాణం పనికిరాదు. ఇది చూసి చేసింది కాదు, బలవంతం. నిండు బాణమే వేయాలి. ‘అనుకరణ’, ‘వెలి’ అని రెండు మాటలు, రెండు రకాల బాణాలు.

చివరికి వచ్చేసరికి అంబేడ్కర్ ఒక మాట అంటారు, పేజీల్లో అది ఎప్పుడూ జారిపోతుంది. తన సిద్ధాంతమే తుదిమాట అనుకోవడం లేదని, తప్పని తేలితే వదులుకోవడానికి సిద్ధమని. స్కెచ్‌నోట్‌లో ఇలాంటి సడలింపులకు చోటు దొరకదు. గీసిన గీతకు ‘బహుశా’ అని చెప్పడం రాదు. అందుకే ఆయన ఊహగా చెప్పిన చోట బాణం పక్కన ఒక చిన్న ప్రశ్నార్థకం వేయమంటాను. మొదట మూసుకున్నది పురోహిత వర్గమేనన్న చోట ఒకటి తప్పకుండా ఉండాలి. మీకు కలిగిన అభ్యంతరాలు వేరే రంగులో అంచున మాత్రమే రాయండి. రచయిత మాట, మీ మాట ఒకే సిరాలో ఉంటే నెల తర్వాత మీరే విడదీయలేరు.

పేజీ సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వ్యాసం చదవని స్నేహితుడికి ఇచ్చి, ఒక్కో బాణాన్ని ఒక్కో పూర్తి వాక్యంగా పైకి చదవమనండి. ‘మూడు ఆచారాలు గోడను నిలబెడతాయి’ అని చదివితే ఆ బాణం బాగుంది. ‘ఇది... దానికి సంబంధించింది’ అని తడబడితే అక్కడ క్రియ లేదు. ఆ వాక్యాల్ని మూలంతో పోల్చండి, బాణం మొదట్లో రాసుకున్న పేజీ నంబరు అందుకే. పేజీ అందంగా ఉండి వాక్యాలు తప్పుగా వస్తుంటే ఆ అందానికి విలువ లేదు, మళ్లీ గీయాల్సిందే. మొదటి పెన్సిల్ పేజీ ఎలాగూ చెల్లదు, దాన్ని పారేసే కాగితంగానే మొదలుపెట్టండి.

పరీక్ష ముందు రాత్రికి ఈ ఒక్క కాగితం సరిపోతుంది. తరగతిలో అంబేడ్కర్ మాట మీద వాదించాల్సి వస్తే మాత్రం ఆ ఇరవై పేజీలూ మళ్లీ తెరవండి. ఆయన సాక్ష్యాలూ సందేహాలూ పూర్తిగా ఉన్నది అక్కడే.